వేరేవాళ్ల దగ్గరున్న డొమైన్ కొనాలంటే: పైసలు పోకుండా పేరు చేతికి తెచ్చుకునే పద్ధతి

మీకు కావాల్సిన డాట్ కామ్ పేరు ఇప్పటికే ఎవరో రిజిస్టర్ చేసుకుని ఉంటే, దాన్ని ఆ ఓనర్ దగ్గర కొనుక్కోవచ్చు, ఇది రోజూ జరిగే పనే. కానీ ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి, ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. మొదటిది, డబ్బు పంపాక పేరు రాకపోవడం. రెండోది, పేరు వచ్చాక కూడా కొన్ని నెలలకు అసలు ఓనర్ తేలి వెనక్కి లాక్కోవడం, ఎందుకంటే మనకు అమ్మినవాడు దాన్ని కొట్టేసి ఉంటాడు. డబ్బును మూడో సంస్థ దగ్గర ఆపి ఉంచే ఎస్క్రో మొదటి ప్రమాదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని ఆపదు. రెండోదాని కోసం కొనేముందు మనమే చూసుకోవాలి.

మా తమ్ముడిది వరంగల్ కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు వచ్చాక బయటి రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి కూడా అడిగేవాళ్లు పెరిగారు, వాడికి మంచి డాట్ కామ్ కావాలనిపించింది. వాడనుకున్న పేరు అప్పటికే ఒకరి దగ్గర ఉంది. అసలు పేరు ఇక్కడ రాయను, దాని బదులు example.com అనుకుందాం. ఆ కొనుగోలు మొదటి నుంచి చివరి దాకా ఎలా నడిచిందో చెప్తూ పోతాను, మీ పేరుకు అన్వయించుకోండి.

ముందు రికార్డు తీయండి

lookup.icann.org తెరిచి పేరు టైప్ చేయండి. ఇంతకుముందు హూఈజ్ అనేవాళ్లు, 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి వాటికి ఆర్‌డాప్ అనే పద్ధతే ప్రధానం. ఓనర్ పేరు, ఫోన్ నంబర్ చాలాసార్లు కనిపించవు, 2018లో యూరప్ గోప్యతా చట్టం వచ్చినప్పటి నుంచి వాటిని దాచేస్తున్నారు. దాంతో నిరాశపడక్కర్లేదు, మనకు కావాల్సినవి వేరే ఉన్నాయి: ఏ రిజిస్ట్రార్ దగ్గర, అంటే పేర్లు రిజిస్టర్ చేసే ఏ కంపెనీ దగ్గర ఉంది, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు గడువు ముగుస్తుంది, చివరిసారి ఎప్పుడు మార్పు జరిగింది, స్టేటస్ ఏమిటి.

స్టేటస్‌లో `client transfer prohibited` అని ఉంటే కంగారు పడకండి, అది పేరు వేరే రిజిస్ట్రార్‌కు పోకుండా వేసుకునే మామూలు తాళం. `server transfer prohibited` ఉంటే మాత్రం అది రిజిస్ట్రీ, అంటే డాట్ కామ్ మొత్తాన్ని నడిపే సంస్థ స్థాయిలో పడిన తాళం, అదనపు భద్రత కోసం కావచ్చు, వివాదం వల్ల కావచ్చు, కారణం అడగాల్సిందే. `redemption period` లేదా `pending delete` ఉంటే గడువు దాటిపోయిన పేరు అన్నమాట. ఈ దశలో కొందరు ఆ పేరు తమ చేతిలో లేకుండానే "మీ పేరుకు సరిపోయే డాట్ కామ్ మా దగ్గర ఉంది" అని మెయిళ్లు పెడతారు, మీరు సరేనంటే అది ఖాళీ అయ్యాక పట్టుకుని మీకు అమ్మాలని వాళ్ల ఆలోచన. అలాంటి మెయిల్ వస్తే జవాబు ఇచ్చేముందే స్టేటస్ చూడండి, విషయం తెలిసిపోతుంది.

ఆ తర్వాత web.archive.org లో ఆ పేరు పాత పేజీలు చూడండి. ప్లాటు కొనేటప్పుడు ఈసీ తీసి లింక్ డాక్యుమెంట్లు చూసుకున్నట్టే ఇది. పదేళ్లు ఒకే కంపెనీ వెబ్‌సైట్ నడిచి, నిన్నమొన్న హఠాత్తుగా ఖాళీ అయ్యి, రికార్డులో మార్పు తేదీ కూడా ఈ మధ్యదే అయ్యి, రిజిస్ట్రార్ కూడా మారినట్టు తెలిసి, అమ్మేవాడు మార్కెట్ కంటే బాగా తక్కువ ధర చెప్తూ తొందరపెడుతుంటే, అది దొంగిలించిన పేరు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పాత పేజీలో ఉన్న ఫోన్ నంబరుకో మెయిల్‌కో మీరే రాసి, "మీ డొమైన్ అమ్ముతున్నారా" అని అడగండి. ఒక్క మెయిల్‌తో తేలిపోయే విషయం ఇది, అయినా చాలామంది అడగరు. ఆ పేజీల్లోనే జూదం సైట్లో, స్పామో నడిచిన ఆనవాళ్లు కనిపిస్తే కూడా ఆలోచించుకోండి, ఆ చెడ్డపేరు సెర్చ్‌లో మీకు అంటుకుంటుంది.

మా తమ్ముడి కేసులో పేరు 2012లో పుట్టింది, ఎప్పుడూ ఖాళీ పేజీయే ఉంది, రిజిస్ట్రార్ మారిన ఆనవాళ్లేమీ కనిపించలేదు. ఎవరో ఎప్పుడో కొనిపెట్టుకుని వదిలేసినట్టుంది. ఇలాంటివి కొనడం సులువు.

ఇంకో చిన్న పని, ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్ వెతకండి. ఆ పదం మీద వేరేవాళ్లకు హక్కు ఉంటే, డొమైన్ పాతదే అయినా మీరు కొన్న రోజునే మీ రిజిస్ట్రేషన్‌గా లెక్కేసి, యూడీఆర్‌పీ అనే ఫిర్యాదు పద్ధతిలో మీ చేతి నుంచి తీసేసుకోవచ్చు.

ఓనర్‌ను చేరుకోవడం, బ్రోకర్ ఎప్పుడు

పేరు టైప్ చేయగానే అమ్మకానికి ఉందని పేజీ వస్తే అది సెడో, ఆఫ్టర్నిక్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లలో పెట్టి ఉంటుంది, అక్కడ డబ్బు పట్టుకుని పేరు బదిలీ చేయించే పని వాళ్లే చూస్తారు, మీకు పెద్ద శ్రమ ఉండదు. ఏమీ లేకుంటే, రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో ఓనర్‌ను సంప్రదించే ఫారం ఉంటుంది, లేదా రికార్డులోనే ఓనర్‌కు చేరే ఒక మారు మెయిల్ అడ్రస్ కనిపిస్తుంది. ఓనర్ వివరాలు దాచినా, మెసేజ్ వెళ్లే దారి ఇవ్వడం రిజిస్ట్రార్ బాధ్యత. రెండు లైన్లు చాలు: ఈ పేరు కొనాలనుకుంటున్నాను, అమ్ముతారా. వ్యాపారం ఎంత పెద్దదో, ఎప్పటికల్లా కావాలో రాయకండి, ఆ రెండూ ధర పెంచేవే. అలాగే కంపెనీ మెయిల్ కాకుండా సొంత మెయిల్ నుంచి రాయడం మంచిది.

నెల రోజుల్లో రెండు మూడుసార్లు రాసినా జవాబు లేకుంటే, లేదా మీ పేరు తెలిస్తే ధర రెట్టింపు అవుతుందనుకుంటే, అప్పుడు బ్రోకర్. గోడాడీకి బ్రోకర్ సేవ ఉంది, సెడోకూ ఉంది. కొందరు ముందే కొంత ఫీజు తీసుకుంటారు, కొనుగోలు అయితే కమీషన్ సాధారణంగా 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. వాళ్లను మొదటే అడగాల్సింది రెండే ప్రశ్నలు: నువ్వు నా తరఫునా, అమ్మేవాడి తరఫునా? నీ కమీషన్ నేను చెప్పిన బడ్జెట్‌లోనే ఉందా, దాని మీద అదనమా? ఎంత దాకా పోవచ్చో అడిగితే మీ అసలు పరిమితి కంటే కొంచెం తక్కువే చెప్పండి. కమీషన్ ధర మీద శాతం కాబట్టి, ధర ఎక్కువైతే అతనికి నష్టమేమీ లేదు.

మీరు పెట్టుకోకుండానే తనంతట తాను వచ్చిన బ్రోకర్‌ను మాత్రం వేరుగా చూడాలి. మా తమ్ముడు ఆ పేరు గురించి ఒకట్రెండు చోట్ల వాకబు చేశాడు. కొద్ది రోజులకు ఒక మెయిల్ వచ్చింది: "నేను ఓనర్ ప్రతినిధిని, 400 డాలర్లకు ఇప్పిస్తాను, ఈ ఎస్క్రో లింకులో కట్టండి." ధర చూసి మావాడు ఎగిరి గంతేశాడు. నేను ఒక్కటే చెప్పాను, ముందు పేరు అతని చేతిలో ఉందని చూపించమను.

పేరు నిజంగా అతని చేతిలో ఉందా

స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీరే ఒక పదం ఇచ్చి, దాన్ని డొమైన్ డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ పేరు ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే సెట్టింగుల్లో, టెక్స్ట్ రికార్డుగా పెట్టమనండి. ఉదాహరణకు `kothawada-4471`. అతను పెట్టానన్న తర్వాత, రికార్డు కనిపించడానికి కొన్ని గంటలు ఇచ్చి, మీ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా చూడండి:

```
nslookup -type=TXT example.com
```

జవాబులో మీరిచ్చిన పదం కనిపించాలి. మావాడికి మెయిల్ పెట్టిన "ప్రతినిధి" ఈ మాట వినగానే, లాయర్ ఒప్పుకోడం లేదని, ముందు సగం అడ్వాన్స్ కడితే చేస్తానని తిరగరాశాడు. ఐదు నిమిషాల పనికి లాయర్ అడ్డం రాడు. అక్కడితో ఆపేశాం.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది, అది తెలియక మోసపోయేవాళ్లు ఉంటారు. టెక్స్ట్ రికార్డు పెట్టగలిగాడంటే డీఎన్‌ఎస్ అతని చేతిలో ఉందని మాత్రమే అర్థం. వెబ్‌సైట్ చేసిచ్చిన డెవలపర్‌కీ, పాత ఉద్యోగికీ కూడా అది చేతిలో ఉండొచ్చు. అందుకే రెండో పరీక్ష: ట్రాన్స్‌ఫర్ తాళం కొద్దిసేపు తీయమనండి. అది రిజిస్ట్రార్ ఖాతాలోకి పోగలిగినవాడు మాత్రమే చేయగలడు. తీయగానే ఆర్‌డాప్ రికార్డులో `client transfer prohibited` మాయమవుతుంది, చూశాక మళ్లీ వేసుకోమని చెప్పండి. పేరును వేరే రిజిస్ట్రార్‌కు మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్, ఆథ్ కోడ్ అంటారు, అది ఎవరికీ ఇవ్వనంతవరకు ఇందులో అమ్మేవాడికి పెద్ద ప్రమాదమేమీ లేదు కాబట్టి, నిజమైన ఓనర్ కాస్త విసుక్కున్నా చేస్తాడు.

ఖాతా చేతిలో ఉన్నా అది కొట్టేసిన ఖాతా కావచ్చు, దానికి పైన చెప్పిన చరిత్ర పరిశీలనే మందు. ఈ మూడూ కలిస్తేనే ముందుకు పోవాలి.

నిజమైన ఓనర్ రిజిస్ట్రార్ ఫారం ద్వారా పెట్టిన మెసేజ్‌కే జవాబిచ్చాడు, ఉండేది కెనడాలో. రెండు పరీక్షలూ ఒకే రోజు చేసి చూపించాడు. 2,500 డాలర్లు అడిగాడు. namebio.com లో ఇలాంటి పేర్లు గతంలో ఎంతకు పోయాయో చూసి మావాడు 600 అన్నాడు, అటూ ఇటూ తిరిగి 1,200 దగ్గర కుదిరింది. డాలరుకు 88 రూపాయలు అనుకుంటే 1,05,600 రూపాయలు.

ఎస్క్రోలో నడిపించడం

ఎస్క్రో అంటే మీ డబ్బు మూడో సంస్థ దగ్గర ఉంటుంది, పేరు మీ చేతికొచ్చి మీరు సరే అన్నాకే అమ్మేవాడికి వెళ్తుంది. డొమైన్లకు ఎక్కువగా వాడేది Escrow.com, 1999 నుంచి ఉంది, కాలిఫోర్నియాలో లైసెన్సు ఉన్న సంస్థ. ఇలాంటి పేర్లతో దొంగ సైట్లు బోలెడు ఉన్నాయి, అసలు మోసమంతా ఇక్కడే జరుగుతుంది. పైన చెప్పిన 400 డాలర్ల లింకును ఆర్‌డాప్‌లో వేసి చూస్తే ఆ "ఎస్క్రో కంపెనీ" పేరు పుట్టి నెల కూడా కాలేదు.

కాబట్టి నియమం ఒకటే, దీన్ని మాత్రం అస్సలు వదలొద్దు: ఎస్క్రో సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి తెరవాలి, లావాదేవీ మీరే మొదలుపెట్టాలి. అమ్మేవాడు గానీ, బ్రోకర్ గానీ పంపిన లింకు నొక్కకండి, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. "ఎస్క్రో ఫీజు దండగ, నేరుగా పంపితే వంద డాలర్లు తగ్గిస్తా" అన్నా, యూపీఐకి పంపమన్నా, క్రిప్టో అడిగినా, ఎస్క్రో పేరు చెప్పి ఒక వ్యక్తి పేరు మీదున్న బ్యాంకు ఖాతా ఇచ్చినా మాట్లాడటం ఆపేయండి.

లావాదేవీ మొదలుపెట్టే ముందు మెయిల్‌లో ఇవి రాసుకుని ఇద్దరూ సరే అనండి: ఏ పేరు, ఎంత, ఏ కరెన్సీ, ఎస్క్రో ఫీజు ఎవరిది, పేరు ఏ పద్ధతిలో ఇస్తారు, పరిశీలనకు ఎన్ని రోజులు. మావాళ్లు ఫీజు చెరి సగం, పరిశీలన 3 రోజులు పెట్టుకున్నారు. ఆ ఫీజు ఎంతో సైట్‌లోనే లెక్క కట్టి చూపిస్తుంది.

డబ్బు పంపడంలో మనవైపు వచ్చే చిక్కు బ్యాంకు దగ్గర. అక్కడ రూపాయల్లో కట్టడం కుదరదు, డాలర్లలో వైర్ పంపాలి. హన్మకొండలో మనం మామూలుగా పోయే చిన్న బ్రాంచిలో విదేశీ చెల్లింపుల పని చూడకపోవచ్చు, ముందు రోజే అడిగి అది చేసే బ్రాంచికి పోండి. ఏ2 ఫారం, పర్పస్ కోడ్, పాన్, ఒప్పందం మెయిల్ ప్రింటు, ఎస్క్రో పేజీలోని చెల్లింపు వివరాలు తీసుకుపోవాలి. వ్యాపారం పేరు మీద కొంటుంటే కరెంట్ అకౌంట్ నుంచే పంపండి. విదేశీ చెల్లింపులకు ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారం ఇవ్వాలా, జీఎస్టీ రివర్స్ చార్జ్ పడుతుందా అనేది డబ్బు పంపకముందే మీ సీఏతో తేల్చుకోండి.

చార్జీల దగ్గర OUR ఎంచుకోండి, అంటే దారిలో పడే బ్యాంకు చార్జీలన్నీ మీరే కడతారు. లేకుంటే మధ్యలో ఉన్న బ్యాంకు పదో ఇరవయ్యో డాలర్లు కోసుకుంటుంది, ఎస్క్రోకు మొత్తం చేరదు, లావాదేవీ అక్కడే ఆగిపోతుంది, మళ్లీ ఆ చిన్న మొత్తానికి ఇంకో వైర్ పంపాలి. ఇంకొకటి, "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే నమ్మకండి, ఖాతా వివరాలు లాగిన్ అయిన పేజీలో ఉన్నవే తీసుకోవాలి. డబ్బు చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది, ఆ రెండు మూడు రోజులు టెన్షన్ ఉంటుంది, మామూలే.

పేరు చేతికి రావడం

డబ్బు అందిందని ఎస్క్రో చెప్పాకే అమ్మేవాడు పేరు పంపుతాడు. పద్ధతులు రెండు. అమ్మేవాడి రిజిస్ట్రార్ దగ్గరే మీరూ ఒక ఖాతా తెరిస్తే, అతను ఆ ఖాతాలోకి తోసేస్తాడు, దీన్ని పుష్ అంటారు, చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. రెండోది, తాళం తీసి ఆథ్ కోడ్ ఇస్తే మీ రిజిస్ట్రార్‌కు మార్చుకోవడం, దీనికి 5 రోజుల దాకా పట్టొచ్చు, ఒక ఏడాది రెన్యువల్ ఫీజు మీరు కట్టాలి, ఆ ఏడాది గడువుకు కలుస్తుంది. పైగా పేరు రిజిస్టర్ అయి లేదా రిజిస్ట్రార్ మారి 60 రోజులు కాకుంటే ఈ దారి సాధారణంగా మూసుకుని ఉంటుంది. నన్నడిగితే పుష్ తీసుకోండి. మీ పరిశీలన రోజులు ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూడటంలో కరిగిపోవు.

పరిశీలనలో ఏం చూడాలంటే, "పేరు పంపేశారు" అనే మెయిల్ కాదు, మీ కళ్లతో మీ ఖాతా. లాగిన్ అయితే పేరు మీ జాబితాలో ఉండాలి. ఓనర్ వివరాల్లో మీ పేరు, మీ మెయిల్ పెట్టగలగాలి. మీరే ఒక టెక్స్ట్ రికార్డు వేసి పైన చెప్పిన కమాండుతో చూడండి, కనిపించాలి. ఆథ్ కోడ్ అడిగితే ఖాతాలోంచి రావాలి. డీఎన్‌ఎస్ ఒక్కటే మీకిచ్చి ఖాతా తన దగ్గరే పెట్టుకుంటే అది అమ్మినట్టు కాదు, తిరస్కరించండి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఎస్క్రో పేజీలో అంగీకారం నొక్కాలి. అయితే నొక్కకుండా ఊరుకోవడం కూడా ప్రమాదమే, పరిశీలన రోజులు దాటితే మీరు ఒప్పుకున్నట్టే లెక్కేసి డబ్బు వదిలేస్తారు. పెళ్లికో ఊరికో పోయే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

మా తమ్ముడికి పుష్ సాయంత్రం అయ్యింది, మర్నాడు పొద్దున అన్నీ చూసి అంగీకరించాడు.

డాట్ ఇన్ పేరు, అమ్మేవాడు హైదరాబాదో కరీంనగరో అయితే మనిషిని కలవడం వీలవుతుంది. ఇద్దరూ ఒకే రిజిస్ట్రార్ ఖాతాలతో ఎదురెదురుగా కూర్చుని, ఖాతాలో ఉన్న పేరు అతని పాన్ కార్డుతో సరిపోల్చి, అమ్మకం కాగితం మీద సంతకాలు పెట్టించి, పుష్ మీ ఖాతాలో కనిపించగానే అక్కడే అతని బ్యాంకు ఖాతాకు పంపండి. అడ్వాన్స్ అడిగితే వద్దు.

ఇప్పటికే ఎవరికైనా పంపి మోసపోయామనిపిస్తే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకా ఖాతాలు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

చేతికొచ్చాక

రిజిస్ట్రార్ నుంచి మీ మెయిల్ నిజమైనదో కాదో సరిచూసే ఒక మెసేజ్ వస్తుంది. అది స్పామ్‌లో పడి 15 రోజులు దాటితే వెబ్‌సైటే ఆగిపోవచ్చు. కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. అయితే అలాంటి మెయిల్ దొంగలూ పంపుతారు కాబట్టి లింకు ఏ సైటుకు పోతుందో చూసుకోండి, అనుమానం ఉంటే ఖాతాలోకే పోయి నిర్ధారించండి. ఆ తర్వాత తాళం వేయండి, రెండంచెల లాగిన్ పెట్టండి, ఆటో రెన్యువల్ ఆన్ చేయండి. కార్డు గడువు ముగిసి ఆటో రెన్యువల్ ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువ, అందుకని ఒకేసారి మూడు నాలుగేళ్లకు కట్టేస్తే ఇంకా మంచిది. వేరే రిజిస్ట్రార్‌కు మార్చుకోవాలనుకుంటే, ఓనర్ వివరాలు మారాయి కాబట్టి 60 రోజుల తాళం పడి ఉండొచ్చు, ఆ గడువు అయ్యాక మార్చండి. ఒప్పందం మెయిల్, వైర్ రసీదు, ఎస్క్రో ముగింపు పత్రం మూడూ ఒక ఫోల్డర్‌లో దాచండి, ఎవరైనా ఆ పేరు మాదేనని వస్తే మీరు డబ్బు పెట్టి కొన్నారని చూపించేది ఆ కాగితాలే.